ఆమె అమ్మానాన్నలకు తెలుగు లిపిలోనే రాయండి

ప్రశ్న: మా పెళ్లికి ఆమె అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. ఖర్చుల గురించి ఒక సున్నితమైన మాట వాళ్లకు వాట్సాప్‌లో చెప్పాలి. తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా, రెండూ కలిపి రాయొచ్చా?

తెలుగులో, తెలుగు లిపిలో రాయండి. లోన్, ఫంక్షన్ హాల్, అడ్వాన్స్ లాంటి మాటలు ఇంట్లో ఎట్లా అంటారో అట్లాగే తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాత్రం అసలు వద్దు. అందులో దీర్ఘాలు పోతాయి, పెద్దవాళ్లు ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదవాలి. ఇంత పెద్ద విషయాన్ని అట్లా పంపేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది.

మాది నల్గొండ. నా భార్య వాళ్లది కల్వకుర్తి దగ్గర ఊరు. మామయ్య పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివారు, రోజూ పేపర్ చదువుతారు. అత్తమ్మకు చదువు రాదు. ఇంట్లో ఏ మెసేజ్ వచ్చినా మామయ్యే పైకి చదివి వినిపిస్తారు. ఈ సంగతి మీరూ ముందు కనుక్కోండి. మీరు రాసేది ఒకరు చదివితే ఇద్దరు వింటారు.

అంతకుముందు వాళ్ల పెద్దల్లుడు పెట్టుపోతల గురించి ఇంగ్లిష్‌లో పొడుగ్గా రాసి పంపాడట. మర్యాదగానే రాశాడు. కానీ అది పక్కింటి డిగ్రీ పిల్లగాని చేతికి పోయింది. ఆ పిల్లగాడు అంతా చదివి, "ఏం వద్దంటున్నడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మర్యాదంతా అక్కడే పోయింది. మనల్ని తక్కువ చేస్తున్నాడని అత్తమ్మ చాలా రోజులు బాధపడింది. పైగా ఇంటి డబ్బు సంగతి పక్కింటికి తెలిసిపోయింది.

మా పూలుపండ్లు అయ్యాక నాకొక మాట తెలిసింది. పెళ్లి ఖర్చుకు వాళ్లు ఎకరం భూమి అమ్మాలనుకుంటున్నారు. ఉన్నదే రెండెకరాలు. మా వైపు ఆడపిల్ల పెళ్లంటే ముందు భూమే అమ్మకానికొస్తుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961 నుంచి చట్టం ఉంది, అయినా బేరాలు ఆగలేదు. నాకది చాలా బాధగా ఉంటుంది. కానీ "అమ్మకండి" అని అల్లుడు కాబోయేవాడు చెప్తే, "మా పరువు నువ్వు చూస్తవా" అనిపించొచ్చు. అందుకే ఇట్లా రాశాను:

"మామయ్యకు, అత్తమ్మకు నమస్కారం. భూమి అమ్మే ఆలోచన ఉందని తెలిసింది. ఫంక్షన్ హాల్, భోజనాల ఖర్చు మేము చూసుకుంటం, మా బాపు కూడా ఒప్పుకున్నడు. ఆ భూమి మీ దగ్గరనే ఉంటే నాకు సంతోషం. ఆదివారం బాపు, నేను వస్తం, కూర్చొని మాట్లాడుకుందాం. మీరు ఎట్లంటే అట్లనే."

ఎవరు చెప్పారో రాయలేదు. రాస్తే ఇంట్లో చెప్పినవాళ్లకు మాట పడేది. పేపర్ భాష కూడా వాడలేదు, ఎందుకంటే అత్తమ్మ వింటే నేను ఎదురుగా కూర్చొని మాట్లాడినట్టే ఉండాలి. "మామయ్య" అన్నది పూలుపండ్లు అయినందుకే. అంతకుముందైతే "అంకుల్" అనే పిలిచేవాణ్ని, ఇంకా కుదరని సంబంధంలో వరస కలిపితే పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

పొడుగు కూడా చూసుకోండి. మెసేజ్ ఎక్కువైతే వాట్సాప్ సగంలో ఆపి "Read more" అని చూపిస్తుంది. పెద్దవాళ్లు చాలామంది దాన్ని నొక్కరు, అక్కడితో అయిపోయిందనుకుంటారు. మీ అసలు మాట కింద ఉంటే అది వాళ్లకు చేరనట్టే.

తెల్లారి మామయ్యే ఫోన్ చేశారు. భూమి ఊసెత్తలేదు, "ఆదివారం అన్నం ఈడనే తినాలె" అన్నారు. ఆదివారం మా బాపు, ఆయన బయట మంచం మీద కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి పాత అప్పు తీర్చడానికి 20 గుంటలు అమ్మారు, అంటే అరెకరం. పెళ్లి కోసమని ఒక్క గుంట కూడా అమ్మలేదు.

పంపాక తప్పు కనబడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. డిలీట్ మాత్రం చేయకండి. "ఏదో రాసి తీసేసిండు" అని వాళ్లకు రాత్రంతా టెన్షన్.

ఆమె నాన్న బ్యాంకులోనో ఆఫీసులోనో పనిచేస్తూ మీకు ఇంగ్లిష్‌లోనే మెసేజ్‌లు పెడుతుంటే, మీరూ ఇంగ్లిష్‌లో రాయొచ్చు. అయితే ఆమె అమ్మకు కూడా ఇంగ్లిష్ చదవడం వచ్చా అని ముందు అడగండి. రాకపోతే తెలుగే.