కాంటాక్ట్ లెన్స్ డబ్బాలో పాత సొల్యూషన్ మీదే కొత్తది పోయొచ్చా?

డబ్బాలో నిన్నటి సొల్యూషన్ ఉంది, పైన కాస్త పోస్తే సరిపోదా? పెరాక్సైడ్ రకం మేలా?

సరిపోదు. మల్టీపర్పస్ సొల్యూషన్‌లో క్రిములను చంపే మందు చాలా తక్కువ మోతాదులోనే ఉంటుంది. రాత్రంతా క్రిములతో పోరాడి, కొంత లెన్స్‌లోకి ఇంకి, అది తగ్గిపోతుంది. పైన పోసిన నాలుగు చుక్కలు కూడా అందులో పలచబడిపోతాయి. 2006లో అమెరికాలో ఫ్యుజేరియం ఫంగస్ కంటి ఇన్ఫెక్షన్లు చాలామందికి వచ్చినప్పుడు ఈ అలవాటునూ ఒక ముప్పుగా గుర్తించారు. ఉదయం డబ్బా మొత్తం ఒంపేసి, సొల్యూషన్‌తోనే కడిగి (కుళాయి నీళ్లు వద్దు), బోర్లించి ఆరనివ్వండి.

ప్రిజర్వేటివ్ పడని కళ్లకు నేనైతే పెరాక్సైడే చెబుతాను. 3 శాతం ద్రావణం కాబట్టి నేరుగా కంట్లో పడితే మంట పుడుతుంది. దాని డబ్బాలోని ప్లాటినం పూత బిళ్ల బుడగలు తెప్పిస్తూ సుమారు 6 గంటల్లో దాన్ని ఉప్పునీరుగా మార్చేస్తుంది. ఉప్పునీటికి క్రిములను చంపే శక్తి లేదు, అందుకే ఇక్కడా రోజూ కొత్తదే పోయాలి. పోయగానే బుడగలు రాకపోతే ఆ లెన్స్ పెట్టుకోకండి.