సత్కార పత్రంలో ‘వృద్ధులు’ అనవచ్చా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. సంక్రాంతికి మా యువజన సంఘం తరఫున ఊళ్లో డెబ్బయ్యేళ్లు దాటినవారికి బట్టలు పెట్టి సత్కరిద్దామనుకున్నాం. ‘వృద్ధులకు సత్కారం’ అని కార్డు చిత్తు రాస్తే ఒకాయన నొచ్చుకున్నారు. ‘పెద్దలకు’ అని మార్చమంటున్నారు కొందరు. విదేశాల్లో ఉన్న మా ఊరివాళ్లకు ఇంగ్లీషులోనూ పంపాలి. ఎల్డర్లీ, సీనియర్, ఏజ్డ్ మాటల్లో ఏది మర్యాద? వాటికి తెలుగు ఏమిటి?

సమాధానం: ఆయన నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. అలాగని ‘వృద్ధ’ శబ్దంలో అవమానమేమీ లేదు. అది పెరగడం అన్న అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. ‘వృద్ధి’ దానికి తోబుట్టువు. జ్ఞానవృద్ధులు, వయోవృద్ధులు అని జంటగా చెప్పేది అందుకే. ఒకరు తెలివిలో పెరిగినవారు, మరొకరు వయసులో పెరిగినవారు. మీ కోనసీమలోనే మురమళ్ల పక్కన పారే పాయ పేరు వృద్ధ గౌతమి. దాన్ని ముసలి గౌతమి అని ఎవరూ అనరు.

అయితే మాటకు పుట్టుక ఒకటే చాలదు, అది రోజూ ఏ మాటల పక్కన కనబడుతోందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఇవాళ ‘వృద్ధ’ మనకు వృద్ధాప్య పింఛనులో, వృద్ధాశ్రమంలో, ‘గుర్తుతెలియని వృద్ధుడి మృతదేహం’ అన్న వార్తలో కనబడుతోంది. మూడు చోట్లా ఆ మనిషి ఒక అవసరానికో ఆపదకో గుర్తుగా ఉన్నాడు తప్ప పేరూ ఊరూ ఉన్న మనిషిగా లేడు. దరఖాస్తు కాగితం మీద ఆ మాట సరిపోతుంది. శాలువా పక్కన చేరితే గుచ్చుకుంటుంది.

ఇంకో చిక్కు వ్యాకరణంలో ఉంది. తెలుగులో గౌరవం నామవాచకంతో ఆగదు, క్రియ దాకా వెళ్లాలి. ‘వృద్ధుడు’ అని ‘డు’తో ముగిస్తే ‘వచ్చాడు’ అనక తప్పదు. ‘వృద్ధుడు వచ్చారు’ అంటే చెవికి అతకదు. ఆడవారి విషయంలో ఇది మరీ ఇబ్బంది. ‘వృద్ధురాలు వచ్చింది’ అన్న క్రియే ఆవు వచ్చింది, బస్సు వచ్చింది అన్నప్పుడూ వాడతాం. కాబట్టి ఒక మనిషి గురించి రాసేటప్పుడు పెద్దాయన, పెద్దావిడ వాడండి. ఆయన, ఆవిడ ఆ మాటల్లోనే ఉన్నాయి, క్రియ వాటంతట అదే ‘వచ్చారు’ అవుతుంది. ‘డెబ్బయ్యేళ్ల వృద్ధురాలు కాలువలో జారిపడింది’ అనే బదులు ‘డెబ్బయ్యేళ్ల పెద్దావిడ కాలువలో జారిపడ్డారు’ అని రాస్తే సమాచారం ఒక్క అక్షరం తగ్గదు. బహువచనంలో ఈ బాధ లేదు. ‘వృద్ధులు వచ్చారు’ అనవచ్చు. అందుకే గణాంకాలకు, ప్రభుత్వ పథకాలకు ఆ బహువచనం పనికొస్తుంది.

‘ముసలి’ సంగతి వేరు. అది అచ్చ తెలుగు మాట. దాని మర్యాద అంతా చివర చేరే ముక్కను బట్టీ, అంటున్న మనిషిని బట్టీ మారుతుంది. ముసలోడు, ముసల్ది అన్నవి తూలనాడే మాటలు. ముసలాయన, ముసలావిడ కాస్త మెరుగు. డెల్టా పల్లెల్లో ‘మా ముసలాయన ఇంకా చేలోకి వెళ్తారండి’ అని ఇంటివాళ్లే అన్నప్పుడు అందులో ప్రేమే వినబడుతుంది. అదే మాట పొరుగువాడు ‘మీ ముసలాయన’ అంటే మొహం మాడుతుంది. ఇంటివాళ్లకున్న చనువు సంఘం కార్డుకు ఉండదు కదా. అనుమానం వస్తే చివర ‘గారు’ చేర్చి చూడండి. తాతగారు, మామ్మగారు హాయిగా పలుకుతాయి. ముసలాయనగారు, వృద్ధుడుగారు పలకవు. ‘గారు’ ఇమడని మాటను ఒక మనిషికి వేదిక మీద వాడకూడదు.

ఇక ‘పెద్దలు’. మీవాళ్లు సూచించిన ఈ మాట మంచిదే, కానీ మీ పండగకూ మీ ప్రాంతానికీ ఇదే అన్నిటికన్నా ప్రమాదం. సంక్రాంతికి ‘పెద్దలకు బట్టలు పెట్టడం’ అంటే గోదావరి జిల్లాల్లో ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. కాలం చేసిన తాతముత్తాతలను తలచుకుని, కొత్తబట్టలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం. దాన్ని పెద్దల పండగ అనేదీ అందుకే. మీరు ‘సంక్రాంతి సందర్భంగా మన ఊరి పెద్దలకు బట్టలు పెట్టు కార్యక్రమం’ అని అచ్చువేస్తే, ఎదుట కూర్చున్న ఎనభయ్యేళ్ల పెద్దావిడ దాన్ని ఎలా చదువుకుంటారో ఊహించండి. సదుద్దేశంతో రాసిన వాక్యమే అశుభంగా వినబడుతుంది. పైగా ‘ఊరి పెద్దలు’ అంటే వయసుతో పనిలేకుండా ఊళ్లో మాట చెల్లేవాళ్లు. నలభై అయిదేళ్ల సర్పంచీ ఊరి పెద్దే.

‘పెద్దలు’కు మూడో అర్థం కూడా ఉంది. పిల్లలు కానివారంతా పెద్దలే. మందు సీసా మీద ‘పెద్దలకు రెండు చెంచాలు’ అంటే పిల్లలు కానివారందరి మోతాదు. వైద్య శిబిరం కరపత్రంలో వయసు పైబడినవారికి తగ్గించి చెప్పిన మోతాదును ‘పెద్దలకు’ అని అనువదిస్తే చదివినవాడు ఇంట్లో అందరికీ అదే అనుకుంటాడు. అక్కడ ‘65 ఏళ్లు దాటినవారికి’ అని అంకె వేయడమే క్షేమం. మీ కార్డుకూ ఇదే మందు. ‘పెద్దలకు’ బదులు ‘పెద్దవారికి’ అనండి, ముందు వయసు చెప్పండి, ‘బట్టలు పెట్టు’ తీసేయండి.

ఇప్పుడు ఇంగ్లీషు మాటలు. సీనియర్ అన్నది అసలు వయసు మాట కాదు, వరస మాట. సీనియర్ ప్లీడరుకు నలభయ్యేళ్లే ఉండవచ్చు, సీనియర్ ఇంటర్ పిల్లకు పదిహేడే. ఒకరికన్నా ముందు వచ్చారన్నదే అందులోని భావం. అందుకే సిటిజన్‌తో కలిసి ‘సీనియర్ సిటిజన్’ అయినప్పుడు ఆ మాటలో బలహీనత వినబడదు, హక్కు వినబడుతుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో వచ్చిన కేంద్ర చట్టం 60 ఏళ్లు నిండిన భారత పౌరుణ్ణి సీనియర్ సిటిజన్ అంది. ఆదాయపు పన్ను లెక్కల్లో 80 నిండితే సూపర్ సీనియర్. తెలుగులో దీనికి వయోవృద్ధులు అన్నది స్థిరపడింది. ‘వయో’ ముందు చేరడం వల్ల మాట బరువు, మర్యాద రెండూ పెరిగాయి. హిందీని చూసి ‘వరిష్ఠ నాగరికులు’ అని మాత్రం రాయకండి. హిందీలో నాగరిక్ అంటే పౌరుడు, తెలుగులో నాగరికుడు అంటే నాగరికత తెలిసినవాడు. మిగతావాళ్లకు అది లేదన్నట్టవుతుంది.

ఎల్డర్లీ మృదువైన మాటే. ఓల్డ్ అనడానికి మనసొప్పక ఎంచుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ మృదుత్వంలోనే ‘పాపం, చెయ్యి పట్టుకుని నడిపించాలి’ అన్న ధ్వని ఉంది. ఐక్యరాజ్యసమితి 1990లో అక్టోబరు 1ని వయసు పైబడినవారి అంతర్జాతీయ దినంగా ప్రకటించినప్పుడు ఆ దినం పేరులో ‘ది ఎల్డర్లీ’ అనే ఉంది. తర్వాత దాన్ని ‘ఓల్డర్ పర్సన్స్’గా మార్చారు. మనుషులందరినీ ఒకే ముద్దగా చూపే పేరు పోయి, పర్సన్ అన్న మాట చేరింది. తెలుగులో ఎల్డర్లీకి దగ్గరగా వచ్చేది ‘వయసు పైబడిన’. ‘వయసు పైబడిన తల్లిదండ్రులు’ అని వర్ణనలో రాయవచ్చు, బిరుదుగా వాడలేం. ఎల్డర్‌నూ ఎల్డర్లీనీ కలిపేయకండి. ‘రెస్పెక్ట్ ఎల్డర్స్’ అంటే పెద్దలను గౌరవించమని. అందులో మీ అన్నయ్యా ఉంటారు.

ఏజ్డ్ మూడింటిలోనూ మోటు. దానికి రెండు పలుకుబళ్లున్నాయి. ‘ఏజ్డ్ 72’ అని అంకె పక్కన ఒక్క ముక్కగా పలికితే ఉత్త సమాచారం, ‘72 ఏళ్ల’ అని తెలుగు చేస్తే చాలు. ‘ఏజిడ్’ అని రెండు ముక్కలుగా పలికి మనిషికి విశేషణం చేస్తే శరీరం ఉడిగిపోయిందన్న అర్థం ముందుకొస్తుంది. తెలుగులో ‘వయసు ఉడిగిన’, ‘పండు ముసలి’ దానికి సాటి. ‘పూర్ అండ్ ఏజ్డ్’ అన్న జంట విరాళాల ఉత్తరాల్లో తేలిగ్గా దొర్లుతుంది. మీరు సత్కరించేవారిని దానం పుచ్చుకునేవారిగా మార్చేస్తుంది కనుక దాన్ని దగ్గరికి రానివ్వకండి.

అందుచేత మీ కార్డు ఇలా ఉండవచ్చు: ‘డెబ్బయ్యేళ్లు దాటిన మన ఊరి పెద్దవారిని నూతన వస్త్రాలతో సత్కరించుకుంటున్నాం. అందరూ దయచేయగలరు.’ సత్కరిస్తున్నాం కంటే సత్కరించుకుంటున్నాం మేలు, ఆ భాగ్యం మీది అన్న అర్థం దాంతో వస్తుంది. ఇంగ్లీషులో ‘ఆనరింగ్ ది సీనియర్ సిటిజన్స్ ఆఫ్ అవర్ విలేజ్, సెవెంటీ అండ్ అబవ్’ చాలు. ‘సీనియర్స్’ అని పొట్టిగా రాస్తే మన కాలేజీల్లో చదివినవారికి పై తరగతివాళ్లు గుర్తొస్తారు.

కార్డు తర్వాత వేదిక ఉంది. పిలిచేవారి వయసును బట్టి వరస కలపాలి. పదిహేనేళ్ల పిల్ల డెబ్బయ్యేళ్లవారిని తాతగారూ, మామ్మగారూ అనాలి. అదే పిలుపు యాభయ్యేళ్ల మనిషి నోట వస్తే ఎదుటివారికి ఇంకో పాతికేళ్లు వేసినట్టుంటుంది. ఆయన బాబాయిగారూ, పిన్నిగారూ అనడం మర్యాద. ఇంట్లో ‘తాతా, ఇలా రా’ ముద్దు, మైకులో మాత్రం ‘తాతగారూ, ఇలా రండి’. వరస తెలియనప్పుడు పేరు చివర గారు, క్రియకు అండి చాలు.

సన్మాన పత్రంలో ఆడవారి పేర్ల దగ్గర ఒక్క జాగ్రత్త. ఈ వయసువారిలో భర్త లేనివారు ఉంటారు. శ్రీమతి అన్న మాటకు అసలు అర్థం సంపద గల స్త్రీ అనే అయినా, భర్త ఉన్నవారికే అది చెల్లుతుందని పట్టింపు ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొందరికి శ్రీమతి వేసి, కొందరికి మానేస్తే ఆ తేడాను పత్రం మీదే చాటినట్టవుతుంది. గంగాభాగీరథీ సమానురాలు అన్న అర్థంలో పాత శుభలేఖల్లో వేసే ‘గం.భా.స.’ ఇక్కడ అసలే వద్దు. ఆడవారికీ మగవారికీ ఒకే తీరుగా ఇంటిపేరు, పేరు, గారు అని అచ్చువేయించండి.