హోటల్‌కి వెయిటర్లు, క్యాషియర్ కావాలంటే ప్రకటనలో ఏం రాయాలి?

ప్రశ్న: విజయవాడ పటమటలో చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్ తెరుస్తున్నాం అన్నా. వంటకీ, క్లీనింగ్‌కీ ఏడుగురు దొరికారు. ఇంకా ముగ్గురు వెయిటర్లు, ఒక క్యాషియర్ కావాలి. వాట్సాప్‌లో పెట్టడానికి, బయట అంటించడానికి అందరికీ అర్థమయ్యేలా ఎలా రాయాలి? టైమింగ్స్, భోజనం, జీతం ఎలా చెప్పాలి?

జవాబు:

నేను వెయిటర్‌గా మొదలుపెట్టి, కెప్టెన్ అయి, ఇప్పుడు ఒక రెస్టారెంట్‌లో మేనేజర్‌గా మనుషుల్ని పెట్టుకునే పనే ఎక్కువగా చూస్తున్నాను తమ్ముడూ. "ఆకర్షణీయమైన జీతం, భోజన వసతి కలదు" అని రాస్తే ఫోన్లు వస్తాయి కానీ మనుషులు నిలబడరు. ఈ పని చేసేవాళ్లు అడిగేది ఒకటే, పొద్దున ఎన్నింటికి రావాలి, రాత్రి ఎన్నింటికి వదులుతారు, నెలాఖరుకి చేతికి ఎంత వస్తుంది. ఆ రోజు ఎలా గడుస్తుందో ప్రకటనలోనే కనపడాలి.

అన్నిటికంటే గొడవ వచ్చేది టైమింగ్ దగ్గరే. మన హోటళ్లలో మధ్యాహ్నం భోజనాల రష్, రాత్రి బిర్యానీల రష్, మధ్యలో ఖాళీ కాబట్టి డ్యూటీ రెండు ముక్కలు అవుతుంది. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒకచోట ప్రకటనలో "8 గంటల డ్యూటీ" అని వేశారు, తీరా చేరాక పొద్దున 11కి వస్తే రాత్రి 11:30కి గానీ ఇంటికి పోయేది లేదు, మధ్యలో బ్రేక్ అన్నారు గానీ ఆ టైంలో ఉల్లిపాయలు తరగమనేవాళ్లు, చేరిన కుర్రాళ్లు చెప్పకుండానే మానేసేవాళ్లు. అందుకే రెండు ముక్కలూ విడివిడిగా గడియారం టైంతో రాయి.

ముందు లెక్క చూసుకో. 11 నుంచి 4, మళ్లీ 7 నుంచి 11 అని పెడితే రోజుకి 9 గంటలు, ఆరు రోజులకి 54. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం, అది రెట్టింపు రేటు. అదే 11 నుంచి 3:30, 6:30 నుంచి 10:30 పెడితే ఎనిమిదిన్నర గంటలు, అందులో అరగంట భోజనానికి పోతే సరిగ్గా 8, ఆరు రోజులకి 48. నీకు 11:30కి తలుపు తీస్తే చాలు కాబట్టి ఆ మొదటి అరగంటలోనే స్టాఫ్ భోజనం పెట్టెయ్. రష్ మొదలయ్యాక తిందువులే అంటే ఆ పిల్లాడు మూడున్నర దాకా ఖాళీ కడుపుతో వేరేవాళ్లకి వడ్డిస్తూ ఉంటాడు.

మధ్యలో ఆ మూడు గంటలు ఎక్కడ ఉంటారో కూడా ఆలోచించు. పటమటలోనే ఉండేవాళ్లు ఇంటికి పోయి వస్తారు, కంకిపాడు వైపు నుంచి వచ్చేవాళ్లకి బస్సు ఎక్కి దిగేసరికే టైం అయిపోతుంది. డైనింగ్ హాల్లో నాలుగు కుర్చీలు కలిపి, నాప్కిన్ మొహం మీద కప్పుకుని పడుకునేది వాళ్లే. ఒక ఫ్యాన్, రెండు చాపలు, చెప్పుల స్టాండ్ ఉన్న గది ఉంటే ఆ మాట ప్రకటనలో తప్పకుండా వెయ్యి, దాన్ని చూసి వచ్చేవాళ్లు ఉంటారు.

జీతం విషయంలో "12,000 నుంచి 18,000 వరకు" అని రాయకు. చదివేవాడు 18 అనుకుని వస్తాడు, నువ్వు 12 అంటావు, అక్కడే చెడుతుంది. ఒకే అంకె వెయ్యి, కటింగ్ పోను చేతికి వచ్చేది కూడా వెయ్యి. నీ దగ్గర మొత్తం 11 మంది అవుతారు, 10 మంది ఉంటేనే ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి జీతంలో 0.75 శాతం వాళ్ల వాటాగా కట్ అవుతుంది, 3.25 శాతం నువ్వు కట్టాలి. 14,000 మీద వాళ్ల వాటా 105 రూపాయలు. భోజనం పెడుతున్నామని జీతంలో కోయడం మాత్రం వద్దు. కింద నేను వేసిన అంకెలు ఉదాహరణకే. అంకె ఖాయం చేసే ముందు లేబర్ ఆఫీసులో హోటళ్లకి ఇప్పుడు ఉన్న కనీస వేతనం ఎంతో కనుక్కో.

టిప్పుల సంగతి ఇదివరకు ఇంత చిక్కు కాదు, బిల్లు ఫోల్డర్‌లో నోటు పెట్టి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కస్టమర్ 940 బిల్లుకి క్యూఆర్ కొట్టి 1,000 పంపిస్తాడు, ఆ 60 నీ ఖాతాలో పడుతుంది, వెయిటర్ అది చూస్తూనే ఉంటాడు. క్యాషియర్ ఒక పుస్తకంలో రాసి, వారానికోసారి పంచుతారని ప్రకటనలో ఒక్క లైను వేస్తే అనుమానాలు ఉండవు.

క్యాషియర్‌గా మంచివాళ్లు వెనకాడేది లెక్కలు రాక కాదు, రాత్రి క్యాష్ తేడా వస్తే జీతంలో కోస్తారనే భయంతో. ఆ కౌంటర్‌లో నువ్వు ఒకసారి, మీ తమ్ముడు ఒకసారి చిల్లర తీసుకుంటూ ఉంటే ఆ తేడా వాళ్లది ఎలా అవుతుంది? పొద్దున చిల్లర లెక్కపెట్టి ఇచ్చి సంతకం, రాత్రి క్యాష్, యూపీఐ, కార్డు, స్విగ్గీ, జొమాటో విడివిడిగా టాలీ చేసి మళ్లీ సంతకం, మధ్యలో ఎవరు డబ్బు తీసినా చీటీ. ఈ పద్ధతి ఉందని రాస్తే అనుభవం ఉన్నవాళ్లు ధైర్యంగా వస్తారు.

నేనైతే ఇలా వేస్తాను:

"పటమట రైతుబజార్ దగ్గర మా ఫ్యామిలీ రెస్టారెంట్‌కి ముగ్గురు వెయిటర్లు, ఒక క్యాషియర్ కావాలి. 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా రావచ్చు. కొత్తవాళ్లకి పని నేర్పిస్తాం.

వెయిటర్ డ్యూటీ: ఉదయం 11 నుంచి 3:30, సాయంత్రం 6:30 నుంచి రాత్రి 10:30. క్యాషియర్ డ్యూటీ: 11:30 నుంచి 3:30, రాత్రి 7 నుంచి 11. మధ్యలో బ్రేక్, ఆ టైంలో పని చెప్పం. పడుకోవడానికి ఫ్యాన్ ఉన్న గది ఉంది. వారానికి ఒక రోజు సెలవు (సోమ, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి).

రెండు పూటలా భోజనం ఫ్రీ: అన్నం, పప్పు, కూర, రసం, మజ్జిగ. ఆదివారం చికెన్. రెండు పూటలా టీ.

జీతం: వెయిటర్‌కి 14,000 (ఈఎస్ఐ 105 పోను చేతికి 13,895). క్యాషియర్‌కి 16,000 (ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150 పోను 15,730). ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకులో వేస్తాం. టిప్పులు వెయిటర్లవే, యూపీఐలో వచ్చినవి ప్రతి సోమవారం ఇస్తాం. క్యాష్ రోజూ ఇద్దరం కలిసి లెక్క చూసి సంతకం పెడతాం. యూనిఫాం మేమే ఇస్తాం. డిపాజిట్ అడగం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకోం.

ఫోన్ చేయండి: సాయంత్రం 4 నుంచి 6 లోపు."

సెలవుల్లో శుక్ర, శని, ఆదివారాలు లేకుండా చూశాను గమనించు, ఉన్నది ముగ్గురే కాబట్టి వీకెండ్‌లో ఒకరు తగ్గినా టేబుళ్లు ఆగిపోతాయి. క్యాషియర్ సెలవు రోజు కౌంటర్‌లో నువ్వే కూర్చో. క్యాషియర్‌గా అమ్మాయి చేరితే రాత్రి 11కి ఇంటికి ఎలా వెళ్తుందో చేరకముందే మాట్లాడుకో, దింపే ఏర్పాటు చేయగలిగితే ఆ మాట కూడా ప్రకటనలో కలుపు.

ఫోన్ టైం 4 నుంచి 6 అని ఊరికే పెట్టలేదు. పని తెలిసినవాళ్లు ఇప్పటికే వేరే హోటల్‌లో చేస్తూ ఉంటారు, వాళ్లకి ఫోన్ తీరిక దొరికేది ఆ బ్రేక్‌లోనే. అప్పుడు నువ్వు ఫోన్ ఎత్తాలి. ట్రయల్‌కి ఒక పూట రమ్మంటే మాత్రం ఆ పూట డబ్బులు, భోజనం అదే రోజు ఇచ్చి పంపించు, నచ్చకపోయినా సరే.