కొత్త బిల్డ్ వచ్చింది: స్మోకా, శానిటీనా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో మాన్యువల్ టెస్టింగ్ కోర్సు చేశాను. ఇంటర్వ్యూలో స్మోక్, శానిటీ టెస్టింగ్‌ల నిర్వచనాలు చెప్పాను. "సరే, ఇప్పుడే కొత్త బిల్డ్ వచ్చింది, ఏది చేస్తావు?" అనేసరికి తడబడ్డాను. ఎప్పుడు ఏది చేయాలి సార్?

జవాబు: అక్కడ మీరు తిరిగి ఒక ప్రశ్న వేయాల్సింది: "ఈ బిల్డ్‌లో ఏం మారింది?" అని. బిల్డ్‌తో పాటు డెవలపర్లు ఇచ్చే రిలీజ్ నోట్స్‌లో ఆ వివరం ఉంటుంది. అది తెలిస్తేనే ఏం చేయాలో చెప్పగలం.

ఒక బస్ టికెట్ల యాప్ అనుకుందాం. చాలా కొత్త ఫీచర్లు కలిపి బిల్డ్ 41 ఇచ్చారు. ముందు స్మోక్. యాప్ ఇన్‌స్టాల్ అవుతోందా, ఓటీపీతో లాగిన్ అవుతోందా, హైదరాబాద్ నుంచి విజయవాడకు వెతికితే బస్సులు కనిపిస్తున్నాయా, సీటు ఎంచుకుని టెస్ట్ కార్డుతో డబ్బు కడితే టికెట్ వస్తోందా, ఆ టికెట్ రద్దవుతోందా. అంతే. ముఖ్యమైన దారులన్నిటిలో ఒక్కోసారి నడిచి వస్తాం, సందుల్లోకి వెళ్లం. చేత్తో చేసినా అరగంటలోపు అయిపోవాలి. కొత్త సర్క్యూట్ బోర్డుకు కరెంటు ఇచ్చి పొగ వస్తుందేమో చూసే అలవాటు నుంచే ఈ పేరు వచ్చిందంటారు.

41లో 'పే' నొక్కగానే తెల్ల స్క్రీన్ వచ్చిందనుకోండి. పేమెంట్ దాటకపోతే టికెట్, రద్దు, రీఫండ్ ఏవీ చూడలేం. బిల్డ్ రిజెక్ట్ చేసి వెనక్కి పంపుతాం. ఆరుగురు టెస్టర్లు రోజంతా దాని మీద కూర్చునే అవసరం తప్పుతుంది. కానీ రిజెక్ట్ చేసే ముందు యాప్‌లో బిల్డ్ నంబర్ చూడండి, టెస్ట్ సర్వర్ పనిచేస్తోందో లేదో చూడండి. నేను టెస్టర్‌గా ఉన్నప్పుడు ఒక ప్రాజెక్టులో సగం రోజు పాత బిల్డ్‌నే టెస్ట్ చేశాం. కొత్తది సర్వర్ మీదకు ఎక్కనే లేదు. అప్పటి నుంచి నా స్మోక్ లిస్టులో మొదటి లైను బిల్డ్ నంబరే.

42లో పేమెంట్ సరిచేశారు, స్మోక్ పాసయింది. వివరంగా టెస్ట్ చేస్తుంటే ఒక బగ్ దొరికింది. రూ.600 చొప్పున రెండు సీట్లు తీసుకుని 10 శాతం కూపన్ వేస్తే రూ.120 తగ్గాలి, రూ.60 మాత్రమే తగ్గుతోంది. అదొక్కటే సరిచేసి 43 ఇచ్చారు.

ఇప్పుడు శానిటీ సమయం. 43 కూడా కొత్త బిల్డే కాబట్టి ముందు స్మోక్ నడుస్తుంది. చాలా కంపెనీల్లో జెంకిన్స్ లాంటి టూల్ దాన్ని ఆటోమేటిక్‌గా నడిపేస్తుంది. ఆ తర్వాత మనం యాప్ అంతా తిరగం, కూపన్ దగ్గరే ఆగి లోతుగా చూస్తాం. రెండు సీట్లకు రూ.1,080 వచ్చింది. ఇది రీటెస్ట్, అంటే దొరికిన బగ్‌ని అవే స్టెప్పులతో మళ్లీ చూడటం. చాలామంది ఇక్కడితో ఆపేసి దాన్నే శానిటీ అంటారు. శానిటీలో ఆ మార్పు చుట్టుపక్కల కూడా చూడాలి. ఒక్క సీటుకు రూ.540, సరే. కూపన్ తీసేస్తే మళ్లీ రూ.1,200, సరే. కూపన్ వేశాక రెండు సీట్లలో ఒకటి తీసేశాం. రూ.540 రావాలి, రూ.480 చూపిస్తోంది. సీటు పోయినా పాత రూ.120 తగ్గింపు అలాగే ఉండిపోయింది! అంటే సరిచేసిన చోటే కొత్త తప్పు వచ్చింది. శానిటీ ఫెయిల్. రిగ్రెషన్, అంటే మార్పు వల్ల పాతవేమైనా చెడిపోయాయేమో యాప్ అంతా మళ్లీ చూడటం, మొదలుపెట్టకుండా వెనక్కి పంపాలి.

స్మోక్ లిస్టు ముందే రాసి ఉంటుంది, ప్రతి బిల్డ్‌కూ దాదాపు అదే. శానిటీకి సాధారణంగా స్క్రిప్టు ఉండదు. మార్పును బట్టి అప్పటికప్పుడు ఆలోచించుకోవాలి. అందుకే ప్రోడక్ట్ బాగా తెలిసిన టెస్టర్ చేతిలోనే అది పదునుగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. టెస్టర్లకు సర్టిఫికేషన్ పరీక్షలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌టీక్యూబీ పదకోశంలో శానిటీ టెస్ట్‌ని స్మోక్ టెస్ట్‌కు మరో పేరుగానే ఇచ్చారు. నేను చెప్పిన తేడా కంపెనీల్లో వాడుకలో ఉన్నది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు రెండూ ఒకటే అంటే వాదించకండి, "మీ టీమ్‌లో వీటిని ఎలా విడదీస్తారు సార్?" అని అడగండి.

సాయంత్రం ఆరింటికి బిల్డ్ వచ్చింది, తెల్లారితే రిలీజ్ అన్నారనుకోండి. రిగ్రెషన్‌కు టైమ్ ఉండదు. స్మోక్, శానిటీ పూర్తి చేసి, ఏయే భాగాలు టెస్ట్ చేయలేదో పేర్లతో సహా మేనేజర్‌కు మెయిల్ పెట్టాలి. రిలీజ్ చేయాలా వద్దా అన్న నిర్ణయం వాళ్లది, ఆ లిస్టు ఇవ్వాల్సింది మీరు.