ఇరవై నాలుగో మనిషి

రాజోలు,
ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. 1996 నవంబరు తుఫాను మీద నవల రాయాలని, దానికోసం ఏడాదిలో 48 మందిని కలవాలని అనుకున్నావు. 23 మందిని కలిశావు. నెల రోజులుగా నోటుపుస్తకం తెరవలేదు. "నాకీ కథ మీద ఇష్టం లేదేమో అన్నయ్యా" అన్నావు. నేను నమ్మను. ఇష్టం లేనివాడు ఏప్రిల్ ఎండలో సైకిలేసుకుని లంకలన్నీ తిరగడు. నీ చిక్కు ఇష్టంలో లేదు, లెక్కలో ఉంది.

ఇద్దరిని కలిసినవాడికి మూడో మనిషి దొరికితే చేతిలో ఉన్నది సగం పెరిగినట్టే. 46 మంది అయ్యాక ఇంకొకరిని కలిస్తే మిగిలిన పని సగానికి తగ్గిపోతుంది. ఇరవై నాలుగో మనిషి మాత్రం ఎటు చూసినా చిల్లరే. వెనక 23 మంది, ముందు ఇంకా పాతిక మంది. తిండి దగ్గరపడేకొద్దీ ఎలుకలు పరుగు పెంచుతాయని 1932లో క్లార్క్ హల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. మనమూ అంతే. మొదట్లో బయల్దేరిన చోటు నుంచి కొలుచుకుంటాం, చివర్లో చేరాల్సిన చోటు నుంచి కొలుచుకుంటాం. నడిమధ్యలో ఆ రెండూ కనపడవు.

నేనూ అక్కడే చతికిలబడ్డాను. 1986 ఆగస్టు వరద మీద నా మొదటి నవలకి తయారవుతున్న రోజులవి. నా ప్లానులో "వరద గురించి తెలుసుకోవాలి" అని ఉండేది. దానికి అంతెక్కడ? అయిదో నెలలో కాగితాలన్నీ అటక మీద పడేశాను. దింపడానికి మూడు వారాలు పట్టింది. దింపాక ఒక్క మార్పు చేశాను. ఆదివారం రాత్రి ఒకే ఒక ప్రశ్న రాసుకోవడం, శనివారానికి జవాబు తెచ్చి, దాంతో నవలలోకి పనికొచ్చే ఒక పేజీ రాయడం.

మొదటి వారం ప్రశ్న ఇది: వరద తీశాక ఇసుక మేట వేసిన చేలో ఎవరి హద్దు ఎక్కడో ఎలా తెలిసింది? సోమ, మంగళవారాల్లో ఇద్దరిని అడిగితే "అబ్బో, చాలా కష్టపడ్డామండి" అన్నారు. అది జవాబు కాదు. గురువారం ఒక ముసలి రైతు చెప్పాడు. మోకాలి లోతు ఇసుక, గట్టన్నది లేదట. మిగిలిన ఆనవాలు ఒక తాడిచెట్టు. దాని మొదట్లో నుంచి మోకు లాగి, ఇరవై బారలు నావి, ఆపైన నీవి అని అన్నదమ్ములు కొలుచుకున్నారట. ఒకడి బార పొడుగు, ఒకడిది పొట్టి. తగువు అక్కడ మొదలైంది! శనివారం ఆ పేజీ రాశాను. నవలలో అన్నదమ్ముల గొడవ అంతా ఆ మోకులోంచే వచ్చింది.

చూశావా, "వారానికి ఇద్దరిని కలవాలి" అని పెట్టుకుంటే ఆ మొదటి ఇద్దరితోనే లెక్క తీరిపోయేది, చేతికి ఏమీ వచ్చేది కాదు. వారం చివర చేతిలో ఒక వస్తువు ఉండాలి. కొత్త నోటుపుస్తకం కొనడం, పాత నోట్సు ఫెయిర్ చేయడం (నేను అదీ చేశాను, రంగు పెన్నులతో) గెలుపు కింద రాయకు. బుధవారం రాత్రికి పని ముట్టుకోకపోతే ప్రశ్న పెద్దదని అర్థం, సగానికి కొయ్యి. వరసగా మూడు వారాలు మంగళవారానికే అయిపోతుంటే మరీ చిన్నది పెట్టుకుంటున్నావు. ఒక వారం తప్పితే పై వారం రెండు చెయ్యబోకు. ఆ బాకీ భయానికే చాలామంది మానేస్తారు.

ఇంకొకటి. మిగిలిన పాతికనూ ఒకే బారుగా చూడకు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన కాటన్ ఆనకట్ట ఏకంగా ఒకే గోడ కాదు. మధ్యలో లంకలుండబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. నువ్వూ ముక్కలు చేసుకో. కొబ్బరి దింపు తీసేవాళ్లు ఆరుగురు, ఆడవాళ్లు ఎనిమిది మంది, అలాగ. ఆరుగురిలో మధ్య అంటే మూడో మనిషే, ఇట్టే దాటేస్తావు.

ఈ పద్ధతి అన్నిటికీ మందు కాదు. నాలుగు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే ఏ మనిషీ కదలకపోతే అది నీరసం కాదు, కథే తప్పు దారిలో ఉంది. అప్పుడు ప్రశ్నలు మార్చాలి. అలాగే పేజీలు పాతిక దాటినా ఇంకా ప్రశ్నలే రాసుకుంటున్నావంటే నవలకి భయపడి వారాల వెనక దాక్కుంటున్నావన్నమాట.

ఈ వారానికి ప్రశ్న నేనే ఇస్తున్నాను. తుఫాను మర్నాడు పడిపోయిన కొబ్బరి చెట్ల కాయలు ఎవరు ఏరుకున్నారు, సొంతదారుకు ఎన్ని ఇచ్చారు? "చాలా నష్టపోయామండి" అంటే లేచి రాకు, కాయల లెక్క అడుగు. బుధవారం రాత్రి ఫోన్ చేస్తాను.

నీ
అన్నయ్య