సాయం చేసిన క్లయింట్‌కి రేటు పెంచుతున్నానని ఎలా చెప్పను?

"ఆరేళ్లుగా ఇంటి నుంచే విదేశీ క్లయింట్లకు ఎడిటింగ్ చేస్తున్నాను. ముగ్గురూ పాతవాళ్లే. మూడేళ్లుగా గంటకు 20 డాలర్లే తీసుకుంటున్నాను, జనవరి నుంచి 24 చేద్దామని ఉంది. మొదటి క్లయింట్ నన్ను ఎవరూ నమ్మని రోజుల్లో పని ఇచ్చాడు, పాప పుట్టినప్పుడు రెండు నెలలు ఆగాడు. ఆయన నొచ్చుకోకుండా ఏ మాటల్లో చెప్పాలి? మా వారేమో 'ఉన్నది పోగొట్టుకుంటావ్' అంటున్నారు. ముగ్గురికీ రాసుకున్న మెయిళ్లు జత చేశాను, ఆయనది కాస్త సరిదిద్దండి."

ఆయనకు రాసిన మెయిల్ చదివానమ్మా. సరిదిద్దడానికి అందులో ఇంగ్లిష్ తప్పులేమీ లేవు, మాటలు మీ సమస్య కాదు. మూడు చోట్ల సారీ చెప్పారు, పాప స్కూలు ఫీజు రాశారు, చివర్లో "మీకు ఇబ్బందైతే పాత రేటే ఉంచుదాం" అన్నారు. ఆ ఆఖరి వాక్యం చదివాక ఎవరైనా పాత రేటే ఉంచమంటారు, అందులో ఆయన తప్పేముంది?

మిగతా ఇద్దరికి రాసిన మెయిళ్లు రెండేసి లైన్లలో చక్కగా ఉన్నాయి. తడబాటంతా ఈయన దగ్గరే. ఆయన్ని మీరు ఇంట్లో పెద్దదిక్కులా చూస్తున్నారు, అందుకే డబ్బు అడగడం ఎదురు చెప్పినట్టు అనిపిస్తోంది. సాయం చేశాడు, నిజమే, మర్చిపోకూడదు కూడా. కానీ ఆ రుణం ఆరేళ్లు గడువు తప్పకుండా పని చేసి మీరు తీర్చేశారని నా నమ్మకం. కృతజ్ఞత చూపించాలంటే మాటలో చూపించండి, రేటులో కాదు. రేటులో చూపిస్తే ఆయనకు అసలు తెలియదు, మీకు మాత్రం ప్రతి ఇన్‌వాయిస్‌కీ గుచ్చుకుంటుంది. పైగా మిగతా ఇద్దరికి 24 అని, ఈయన ఒక్కడికే 20 అని ఉంచితే, రేపు తొందర పని ఒకేసారి వచ్చినప్పుడు మీకు తెలియకుండానే ఆయన పనే వెనక్కి పడుతుంది.

మీ వారి భయం మాత్రం కొట్టిపారేయను. లెక్క వేసి చూపించండి. మీరు రాసిన దాని ప్రకారం నెలకు ఈయనవి 40 గంటలు, మిగతావాళ్లవి 30, 20. మొత్తం 90 గంటలకు ఇప్పుడు 1800 డాలర్లు. కొత్త రేటులో అదే 1800 రావడానికి 75 గంటలు చాలు, అంటే 15 గంటల పని పోయినా నష్టం లేదు. అయితే ఈయనే పూర్తిగా వెళ్లిపోతే మిగిలేది 50 గంటలు, 1200 డాలర్లు. నెలకు 600 లోటు. ఆ లోటుకు రెండు మూడు నెలలకు సరిపడా చేతిలో పెట్టుకుని మెయిల్ పంపండి, ఇద్దరికీ నిద్ర పడుతుంది.

ఇక పంపడం. ముందు ఒప్పందం తీసి, రేటు మార్చాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలని ఉందో చూడండి. ఏమీ లేకపోయినా నవంబర్ మధ్యలోపు పంపేయండి. డిసెంబర్ చివర్లో పంపితే చాలామంది సెలవుల్లో ఉంటారు, ఆయన మెయిల్ చూడకుండానే జనవరి ఇన్‌వాయిస్‌లో కొత్త అంకె కనిపిస్తుంది. మంచితనం చెడేది అక్కడ, పెరిగిన నాలుగు డాలర్ల దగ్గర కాదు. ఇన్‌వాయిస్‌తో కలిపి పంపకండి, విడిగా ఆయన పేరుతోనే రాయండి, ఇలా:

"జనవరి 1 నుంచి నా రేటు గంటకు 20 డాలర్ల నుంచి 24 అవుతుంది. మూడేళ్ల తర్వాత ఇదే మొదటి మార్పు. డిసెంబర్ 31లోపు మొదలైన పనులన్నీ పాత రేటుకే పూర్తి చేస్తాను. పాప పుట్టినప్పుడు మీరు నా కోసం ఆగిన రెండు నెలలు నేను మర్చిపోలేదు. ఈ మార్పు మీకు సరేనని ఒక లైన్ రాస్తే జనవరి పనులు ప్లాన్ చేసుకుంటాను."

అంతే. ఫీజులు, ఇంటి ఖర్చులు వద్దు. అవి రాస్తే మీ ఖర్చు ఎంత న్యాయమో ఆయన తూచాల్సి వస్తుంది, అది ఆయనకూ ఇబ్బందే.

వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి, మౌనాన్ని అంగీకారం అనుకోకండి. "మా బడ్జెట్ పెరగదు" అంటే ఆ పూటే రేటు తగ్గించకండి, ఒక రోజు ఆగండి. ఆయన నెలకు పెడుతున్నది 800 డాలర్లు, కొత్త రేటులో అది 33 గంటలకు వస్తుంది. ఆ 33 గంటల్లో ఏ పనులు ఉంచుదాం, ఏవి వదిలేద్దాం అని అడగండి. ఇంకా కష్టమంటే మార్చి 31 వరకు పాత రేటు ఇవ్వండి, కానీ ఆ తేదీ మెయిల్‌లో రాసి మరీ ఇవ్వండి.

మీ డ్రాఫ్ట్‌లోని ఆ ఆఖరి వాక్యం మాత్రం ఇప్పుడే తీసేయండి.