ఇంటికి తీసుకున్న డబ్బు ఖర్చు కిందికి ఎందుకు రాదు?

"నెలకు 30,000 ఇంటికి తీసుకుంటున్నాను. అది నా జీతమే కదా అన్నా, ఖర్చుల్లో ఎందుకు రాయలేదు?"

కొట్లో కుర్రాడికిచ్చేది జీతమే తమ్ముడూ, ఎందుకంటే అతను వేరే మనిషి. నీ ఒక్కడి పేరు మీదున్న కొట్టులో నీకు నువ్వే జీతం ఇచ్చుకోలేవు. నువ్వు తీసేది నీ లాభంలో వాటా, అది చాలకపోతే నీ పెట్టుబడి.

పోయిన నెల సరుకు మీద 62,000 మిగిలింది. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం కలిపి 24,000 పోతే లాభం 38,000. నీ 30,000 కూడా ఖర్చులో రాస్తే లాభం 8,000గా కనిపిస్తుంది. కొట్టు నిజంగా సంపాదించింది మాత్రం 38,000. పన్ను లెక్కకూ అదే తీసుకుంటారు. ఆ 30,000ను నీ సొంతానికి తీసుకున్న సొమ్ముగా, అంటే డ్రాయింగ్స్‌గా రాసి క్యాపిటల్‌లో తగ్గించాను. లాభం 38,000 చేరి 30,000 పోగా, ఆ నెల నీ పెట్టుబడికి కలిసింది 8,000.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది గల్లా డబ్బు కాదు, అలమర నుంచి ఇంటికి వెళ్లే సరుకు. 2,000కు కొన్న నూనె డబ్బా రాయకుండా తీసుకెళితే స్టాకు తగ్గుతుంది, అమ్మకం కనిపించదు. ఎవరో దొంగిలించారేమో అని కుర్రాడిని అనుమానిస్తాం. అమ్మే ధరకు కాదు, కొన్న ధరకే డ్రాయింగ్స్‌లో రాయాలి, కొనుగోళ్లలో అంత తగ్గించాలి. నువ్వు రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నావు కాబట్టి కొన్నప్పుడు దాని మీద కట్టిన జీఎస్టీకి తీసుకున్న 100 క్రెడిట్‌నూ వెనక్కి ఇవ్వాలి.

గల్లా పక్కన చిన్న నోటుబుక్కు పెట్టు. ఇంటికి ఏది వెళ్లినా తేదీ, సరుకు రాసెయ్యి. ధర నేను బిల్లు చూసి వేసుకుంటాను.